తరచూ విదేశాలకు ఎగిరేవారికి ఏ సూట్‌కేసు? ముందు చక్రం, ఆ తర్వాతే పెంకు

చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే మా బావగారు ఏడాదికి ఏడెనిమిదిసార్లు విమానం ఎక్కుతారు. జెడ్డా, దుబాయ్, రోటర్‌డామ్ ఆయనకు పలమనేరు, పుంగనూరు వెళ్లివచ్చినంత మామూలు. బట్టలు రెండు జతలు తగ్గించుకుంటారు గానీ, తోతాపురి గుజ్జు నమూనా డబ్బాలు మాత్రం తగ్గించుకోలేరు. ఒక్కో డబ్బాలో 850 గ్రాముల గుజ్జు. రేకుతో కలిపి కిలోకు అటూ ఇటూ. అలాంటివి ఎనిమిది. కిందటి వేసవిలో ఆయన సూట్‌కేసు జెడ్డాలో బెల్టు మీదికి మూడు చక్రాలతో వచ్చింది. నాలుగో చక్రం ఊడిపడలేదు. చక్రంతోపాటు ఆ మూల పెంకు ముక్క కూడా విరిగి, లోపలి గుడ్డ పట్టుకుని వేలాడుతోంది.

దుకాణంలో బాడీ అంటారు, నేను పెంకు అంటున్నాను. గట్టి సూట్‌కేసుకు రెండు పెంకులు, మధ్యలో జిప్పు.

ఆ విరిగిన సూట్‌కేసు ఖరీదు నాలుగున్నర వేలు. 78 సెంటీమీటర్ల పెద్ద సైజు, మెరిసే నీలం రంగు. తిరుపతిలో కొన్నప్పుడు దుకాణం కుర్రవాడు దాని మీదికెక్కి నిలబడి, "చూడండి సార్, విరగదు" అన్నాడట. మనిషి ఎక్కి నిలబడితే బరువు పెంకు మొత్తానికీ నెమ్మదిగా సర్దుకుంటుంది. విమానాశ్రయంలో దెబ్బ అలా తగలదు. ఇరవై మూడు కిలోల పెట్టె నడుమెత్తు నుంచి ఒక మూల మీద, ఒకే చక్రం మీద పడుతుంది. ఆ దెబ్బంతా ఆ క్షణంలో మూడు నాలుగు స్క్రూలు పట్టుకున్న అరచేతి మేర ప్లాస్టిక్ భరించాలి. బావగారి పెట్టె పగిలింది సరిగ్గా అక్కడే.

ఆయనకు కొత్తది కొనిపెట్టే పని నా మీద పడింది. నేను శ్రీసిటీలో ఒక కర్మాగారంలో విడిభాగాల కొనుగోలు చూస్తాను. ఏడాదికి నాలుగైదుసార్లు జపాన్ వెళ్తాను. ఈ పన్నెండేళ్లలో నావి ఐదు సూట్‌కేసులు పోయాయి. వాటిలో మూడు చక్రాల దగ్గర, ఒకటి పైకి లాగే హ్యాండిల్ దగ్గర, ఒకటి జిప్పు దగ్గర చెడ్డాయి. పెంకు నడిమధ్యలో పగిలినది ఒక్కటీ లేదు. దుకాణాల్లో మాత్రం అందరూ ముందు ఆ నడిమధ్యనే తట్టి చూస్తారు.

మొదట టేపు పట్టి కొలవండి

రంగు చూడకముందే సైజు తేల్చుకోవాలి. చాలా విమాన సంస్థలు చెక్-ఇన్ సామానుకు పెట్టే హద్దు 158 సెంటీమీటర్లు. పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపిన లెక్క ఇది. చక్రాలు, పక్కకు పొడుచుకొచ్చిన హ్యాండిలు కూడా అందులోకే వస్తాయి. బావగారి నీలం పెట్టె 78, 52, 32. కలిపితే 162. అంటే కొన్నరోజునే అది హద్దు దాటి ఉంది. ఎవరూ కొలవలేదు కాబట్టి గడిచిపోయింది. నడుము చుట్టూ రెండో జిప్పు తీస్తే పెట్టె మరో నాలుగు సెంటీమీటర్లు ఉబ్బుతుంది, అప్పుడు 166. జిప్పు మూసి ఉన్నప్పుడు 156 ఉన్న పెట్టె కూడా ఉబ్బిస్తే 160 అవుతుందని గుర్తుంచుకోండి.

పెద్ద పెట్టెతో ఇంకో చిక్కు ఉంది. ఖాళీ కనిపిస్తే నింపుతాం. 23 కిలోలు దాటితే కౌంటరు దగ్గర అందరి ముందూ పెట్టె తెరిచి పచ్చడి సీసాలు తీసి చేతిసంచిలో పెట్టుకోవడం ఎంత ఇబ్బందో చెన్నై విమానాశ్రయంలో నిలబడినవారికి తెలుసు. ఆ పచ్చడిని చేతిసంచిలో భద్రతా తనిఖీ వాళ్లు పోనివ్వరన్నది మరో సంగతి. తరచూ వెళ్లి నాలుగు రోజులో వారమో ఉండి వచ్చేవారికి 66 నుంచి 69 సెంటీమీటర్ల మధ్య సైజు చాలు. డబ్బాల వంటి బరువైన సరుకు ఉంటే అందులోనే 23 కిలోలు నిండిపోతాయి. రెండేళ్లకోసారి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండే తల్లిదండ్రులకు పెద్దది కావాలి, కాదనను. వాళ్ల అవసరం వేరు.

పెంకు దేనితో చేశారు?

గట్టి పెట్టెల్లో ఇప్పుడు మన దుకాణాల్లో దొరికేవి ప్రధానంగా మూడు ప్లాస్టిక్‌లు: ఏబీఎస్, పాలీకార్బొనేట్, పాలీప్రొపిలీన్. అమ్మేవారు మూడింటినీ ఫైబర్ అనేస్తారు. లోపలి గుడ్డకు కుట్టిన పట్టీ మీదో, వేలాడే అట్ట మీదో అసలు పేరు ఉంటుంది. అది చదవకుండా కొనవద్దు.

ఏబీఎస్ అంటే టీవీ రిమోట్ డొప్పకు వాడే ప్లాస్టిక్. గట్టిగా ఉంటుంది, నున్నగా మెరుస్తుంది, చవక. కానీ వంగే గుణం తక్కువ. దెబ్బ హద్దు మీరితే వంగకుండా పగులుతుంది. పగలబోయే ముందు వంపుల దగ్గర తెల్లటి గీతలు తేలతాయి. బావగారి విరిగిన ముక్క అంచున ఆ తెలుపు స్పష్టంగా కనిపించింది. మిగతా మూడు చక్రాల చుట్టూ కూడా సన్నగా మొదలైంది. మీ దగ్గర పాత పెట్టె ఉంటే ఆ చోటు ఒకసారి వెలుతురులో చూడండి.

పాలీకార్బొనేట్ పోలీసులు రాళ్లదెబ్బలు కాచుకునే పారదర్శకమైన డాలుకు వాడే పదార్థం. బొటనవేలితో పెంకు మధ్యలో నొక్కితే లోపలికి వెళ్లి, వదలగానే తిరిగి పైకొస్తుంది. కొందరు ఆ మెత్తదనం చూసి నాసిరకం అనుకుంటారు, నిజానికి అదే దాని బలం. గీతలు మాత్రం త్వరగా పడతాయి. ఇంకో జాగ్రత్త: ట్యాగు జిగురు పోవడానికి థిన్నరు, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడకూడదు. అవి పాలీకార్బొనేట్‌ను తినేసి సన్నని పగుళ్లు తెప్పిస్తాయి. సబ్బునీళ్లు చాలు.

ఏబీఎస్, పాలీకార్బొనేట్ రెండూ కలిపినవి మధ్యధరలో ఎక్కువగా కనిపిస్తాయి. ఏది ఎంత పాలో పట్టీ మీద రాయరు. అందుకని నేను ధరనే సాక్ష్యంగా తీసుకుంటాను: ఏబీఎస్ ధరకు దగ్గరగా ఉంటే అందులో ఏబీఎస్సే ఎక్కువ అనుకుంటాను.

పాలీప్రొపిలీన్‌ను మనం రోజూ చూస్తాం. పెళ్లి పందిట్లో వేసే ప్లాస్టిక్ కుర్చీ అదే. మూత ఊడిపోకుండా సీసాకు అతుక్కునే ఉండి, తెరిచినప్పుడల్లా వంగే సన్నని ప్లాస్టిక్ మడత ఉంటుంది చూడండి, అదీ ఇదే. వేలసార్లు వంగినా తెగదు. తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది, ముట్టుకుంటే కాస్త మైనంలా జారుతుంది. మెరుపు లేదని మనవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. దాని అసలు బలహీనత చలి. సున్నా డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లేకొద్దీ పెళుసెక్కుతుంది. తయారీదారులు వేరే పదార్థం కలిపి దీన్ని తగ్గిస్తారు గానీ, జనవరిలో షికాగోకో టొరంటోకో తరచూ వెళ్లేవారైతే పాలీకార్బొనేట్ వైపే మొగ్గడం మంచిది. గల్ఫ్, సింగపూర్ వెళ్లేవారికి ఈ బెంగ అక్కర్లేదు.

అల్యూమినియం పెట్టె గురించి ఎక్కువ చెప్పను. ఖాళీదే ఆరేడు కిలోలు తూగుతుంది. 23 కిలోల్లో నాలుగోవంతుకు పైగా పెట్టెకే పోతుంది. సొట్టలు పడుతుంది, పగలదు. చట్రం వంగితే మూత కూర్చోదు.

గుడ్డ పెట్టెల్ని మాత్రం తోసిపుచ్చకండి. బయట జేబులు, నెమ్మదిగా సాగే గుణం, చక్రాలు లోపలికి ఒదిగి ఉండటం వాటి లాభాలు. నవంబరు వానల్లో విమానం పక్కన ట్రాలీ బండి మీద తడిస్తే లోపలి బట్టలూ తడుస్తాయన్నది నష్టం. కొనేటప్పుడు డెనియర్ అంకె చూపిస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. అంటే అది దారం లావు మాత్రమే చెబుతుంది. నైలాన్ పాలిస్టర్ కంటే ఒరిపిడికి బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి పాలిస్టర్ అంకెను మరో పాలిస్టర్‌తోనే పోల్చండి, నైలాన్‌తో కాదు.

చక్రాల దగ్గర కూర్చుని చూడండి

ఇక్కడ కాస్త సమయం పెట్టాలి. మన వైపు నుంచి విదేశాలకు వెళ్లడమంటే విమానాశ్రయపు నున్నటి నేల మీద నడవడం ఒక్కటే కాదు. రేణిగుంటలో విమానాశ్రయం ఉన్నా, విదేశీ విమానం కోసం మనం చెన్నైకో బెంగళూరుకో రోడ్డు పట్టాల్సిందే. ఇంటి ముందు రాళ్లు, కారు డిక్కీ, దారిలో టీ దుకాణం, అవతల దిగాక మళ్లీ రైలు, మెట్లు, ఊరి వీధులు. నెదర్లాండ్స్‌లో పాత వీధులు ఇటుకలు, రాళ్లు పరిచినవి. అక్కడ నాలుగు చక్రాల పెట్టెను నిలువుగా తోస్తే చిన్న చక్రం ప్రతి సందులోనూ తట్టుకుంటుంది.

నాలుగు చక్రాలు అన్ని వైపులా తిరుగుతాయి, మణికట్టుకు బరువు తెలియదు, పొడవాటి వరుసల్లో నిలబడినప్పుడు కాలితో జరుపుకోవచ్చు. కానీ అవి పెంకు బయటికి నాలుగైదు సెంటీమీటర్లు పొడుచుకుని ఉంటాయి. పెట్టె ఎలా పడినా ముందు తగిలేది వాటికే. 158 సెంటీమీటర్ల లెక్కలో కూడా ఆ మేర చోటు వాటికే పోతుంది. పైగా ఏటవాలులో, రైలులో, బస్సులో వాటంతట అవే దొర్లిపోతాయి. రెండు చక్రాలవి మూలల్లోకి ఒదిగి ఉంటాయి, చక్రం పెద్దది, ఇరుసు కదలకుండా బిగించి ఉంటుంది. గతుకుల మీద ఏ బాధా లేదు, ఆపినచోట ఆగుతుంది. అయితే ఎప్పుడూ వంచి లాగాలి. ఇరవై కిలోలు దాటాక భుజానికి తెలుస్తుంది. నడుము నొప్పి, భుజం నొప్పి ఉన్నవారికి నాలుగు చక్రాలే సరైనవి.

నాలుగు చక్రాలదే కొంటామంటే, జంట చక్రాలున్నది తీసుకోండి. అంటే ఒక్కో మూలకు రెండేసి, మొత్తం ఎనిమిది. బరువు రెండింటి మీద పంచుకుంటుంది, సన్నని సందుల్లో ఇరుక్కోదు. తర్వాత పెట్టెను తిరగేయండి. చక్రం పట్టిన ప్లాస్టిక్ గూడు పెంకుకు స్క్రూలతో బిగించారా, లేక రివెట్లు కొట్టారా? లోపలి గుడ్డకు మూలల్లో చిన్న జిప్పు ఉంటే, అది తెరిస్తే స్క్రూల తలలు కనిపిస్తాయి. స్క్రూలైతే చక్రం మార్చుకోవచ్చు. రివెట్లు కొట్టి ఉంటే మార్చడం పెద్ద పని. చాలామంది ఆ ఒక్క చక్రం కోసం పెట్టెనే పారేస్తారు. స్క్రూ బిగించిన చోట లోపలివైపు మందమైన పట్టీ ఉందో లేదో కూడా వేలితో తడిమి చూడండి. బావగారి పెట్టెలో అది లేదు. స్క్రూలు నేరుగా పలుచటి ఏబీఎస్‌లోనే దిగి ఉన్నాయి. దెబ్బ తగలగానే ఆ ముక్కను ఊడబెరికాయి.

ఖాళీ పెట్టెను తోసి చూడటం వల్ల ఏమీ తెలియదు. ఖాళీగా ఉంటే ఏదైనా జారుతుంది. దుకాణంలోనే చిన్న సూట్‌కేసులు, సంచులు ఏవైనా అందులో కుక్కించి, హ్యాండిలు పూర్తిగా లాగి, ఒంటిచేత్తో తిన్నగా పది అడుగులు తోయండి. ఒకవైపుకు లాగుతోందంటే చక్రాల్లో ఒకటి తేడా. హ్యాండిలు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కాస్త ఊగడం సహజం, దెబ్బకు ఓర్చుకోవడానికి ఆ సడలింపు కావాలి. గొట్టాలు టకటకమంటూ ఒకదానికొకటి తగులుతుంటే మాత్రం వద్దు.

చక్రం పైతొడుగు విషయంలో మన వాతావరణం పట్టించుకోవాలి. మెత్తగా, చప్పుడు లేకుండా నడిచేవి ఎక్కువగా పాలీయూరిథేన్ తొడుగున్నవి. అవే కొనండి, కానీ వాడకుండా దాచకండి. ఆ పదార్థంలో చాలా రకాలు గాలిలోని తేమకు ఏళ్ల తరబడి మెల్లగా విచ్చిపోతాయి. అయిదారేళ్లు అటక మీద ఉంచిన పెట్టె దించగానే జిగురుజిగురుగా తగిలి, నాలుగడుగులకే చక్రం మట్టిలా రాలిపోవడం దీనివల్లనే. లోపలి గుడ్డకు పూసిన పూత పెచ్చులూడి బట్టలకు అంటుకోవడమూ ఇదే. అమెరికాలో ఉన్న పిల్లలు ఎప్పుడో వదిలి వెళ్లిన పెట్టెను దించి ప్రయాణానికి వాడబోయేవారు ముందు వీధి చివరిదాకా ఈడ్చి చూడాలి.

ఇంకో చిన్న సంగతి. చక్రం బిగుసుకుపోతే వెంటనే నూనె పోయకండి. తిరగేసి చూస్తే ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి. తలనీలాల ఊరివాళ్లం కాబట్టి అనడం లేదు. విమానాశ్రయాల్లో అన్నిచోట్లా ఇంతే. బ్లేడుతో కోసి, పట్టకారుతో లాగితే చాలు.

తాళం ఎవరి కోసం?

ఎర్రటి వజ్రం గుర్తు, పక్కన తాళంచెవి రంధ్రం ఉన్న నంబర్ లాక్‌ను టీఎస్‌ఏ లాక్ అంటారు. దుకాణంలో సగం మంది, "తాళంచెవి ఇవ్వలేదేమిటి?" అని గొడవ పడతారు. ఆ చెవి మనకు ఇవ్వరు. అమెరికా విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసే అధికారుల దగ్గర ఉంటుంది. వాళ్లకు అనుమానం వస్తే ఆ చెవితో తెరిచి, చూసి, మళ్లీ మూస్తారు. తనిఖీ చేశామని ఒక కాగితం లోపల పెడతారు. వేరే తాళం ఉంటే విరగ్గొట్టే అధికారం వాళ్లకుంది. ఈ లాక్ ప్రయోజనం అంతే. దొంగల నుంచి అదనంగా కాపాడుతుందనుకుంటే పొరపాటు: ఆ అధికారుల చెవుల ఫొటో 2014లో ఒక అమెరికా పత్రికలో వచ్చింది, 2015 నాటికి వాటిని ముద్రించుకునే నమూనాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. అమెరికా వెళ్లేవారికి ఇది కావాలి. గల్ఫ్, యూరప్ వెళ్లేవారు దీనికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఎలాగూ ఇప్పుడు చాలా పెట్టెలకు ఇదే వస్తోంది.

జిప్పు పెట్టెలో బలహీనమైన చోటు తాళం కాదు, జిప్పే. మామూలు జిప్పు పళ్ల మధ్య బాల్‌పెన్ గుచ్చితే విడిపోతుంది. తాళం కప్ప వేలాడదీసి రెండు జిప్పు పుల్లలను ఒకదానికొకటి కట్టామనుకోండి, ఆ రెండింటినీ కలిపి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తే విడిపోయిన జిప్పు మళ్లీ మూసుకుంటుంది. ఇంటికొచ్చి చూసేదాకా ఏం పోయిందో తెలియదు. అదే పుల్లలు పెట్టెకు బిగించిన తాళంలోకి దిగేలా ఉంటే, అవి కదలవు. జిప్పును పెన్నుతో చీల్చినా తిరిగి మూయడానికి దారి ఉండదు. దొంగతనం ఆగదు గానీ బెల్టు దగ్గరే తెలిసిపోతుంది. ఫిర్యాదు చేయడానికి ఆ తేడా చాలా పెద్దది. అందుకే పెట్టెకు బిగించిన తాళమున్నదే తీసుకోమంటాను. జిప్పు లేకుండా చట్రం, కొక్కేలతో మూసుకునేవి ఇంకా భద్రం, కానీ బరువెక్కువ. అంగుళం కూడా ఉబ్బవు. దెబ్బకు చట్రం కాస్త మెలితిరిగితే ఆ రోజు తాడే గతి.

నంబరు మార్చుకునేటప్పుడు పెట్టె తెరిచే ఉంచండి. కొత్త నంబరు పెట్టి, తాళం మూడుసార్లు మూసి తెరిచి చూసి, అప్పుడే మూత వేయండి. మీట సరిగ్గా వెనక్కి రాకపోతే మనం అనుకున్న నంబరు ఒకటి, పెట్టె గుర్తుంచుకున్నది మరొకటి అవుతుంది. అలా అయితే భయపడనక్కర్లేదు, మూడు అంకెలకు వెయ్యి నంబర్లే ఉంటాయి. 000 నుంచి ఓపిగ్గా తిప్పుకుంటూ పోతే గంటలోపే తెరుచుకుంటుంది. ఈ విషయం తెలిశాక తాళం మీద మీ నమ్మకం మరికాస్త తగ్గినా తప్పులేదు.

వారంటీ కాగితం, విమాన సంస్థ కాగితం

బావగారు విరిగిన పెట్టెను బిల్లుతో సహా కొన్న చోటికే తీసుకెళ్లారు. ఐదేళ్ల వారంటీ అని అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉంది. వెనుక చిన్న అక్షరాల్లో ఉన్నది దుకాణంవారు చదివి వినిపించారు: తయారీ లోపాలకే వర్తిస్తుంది, రవాణాలో విమాన సంస్థల వల్ల కలిగిన నష్టానికి, వాడకంలో అరుగుదలకు వర్తించదు. ఇది ఏ ఒక్క కంపెనీ చేసే మోసం కాదు. సూట్‌కేసుల వారంటీల్లో సాధారణంగా ఉండే షరతే. అందుచేత మూడేళ్లా, ఐదేళ్లా, పదేళ్లా అన్నది నేను చివరగా చూస్తాను. ముందు అడిగే ప్రశ్నలు వేరు. ఈ మోడల్ చక్రం విడిగా దొరుకుతుందా? మరమ్మతు ఎక్కడ చేస్తారు, తిరుపతిలోనా చెన్నైలోనా? పంపే ఖర్చు ఎవరిది? వారంటీ మన దేశానికేనా, విదేశాల్లోనూ చెల్లుతుందా? మొదటి ప్రశ్నకు జవాబు అవును అయితే, మూడేళ్ల వారంటీ పెట్టెను పదేళ్ల వారంటీ పెట్టె కంటే మేలని కొంటాను.

బావగారి అసలు పొరపాటు ఇంకొకటి. విమానంలో జరిగిన నష్టాన్ని అడగాల్సింది విమాన సంస్థను. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్‌లో అది 2009 నుంచి అమల్లో ఉంది. చెక్-ఇన్ సామాను తమ ఆధీనంలో ఉండగా దెబ్బతింటే బాధ్యత విమాన సంస్థదే. ఆ వస్తువులోనే ఉన్న లోపం వల్ల అయినంత మేరకు మాత్రం వాళ్లకు మినహాయింపు. పరిహారానికి గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. 2024 డిసెంబరు 28 నుంచి ఈ అంకె అమలవుతోంది. ఎస్‌డీఆర్ అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క. రూపాయల్లో లక్షన్నర పైమాటే. అది పైహద్దు మాత్రమే, ఇచ్చేది జరిగిన నష్టాన్ని బట్టి. కీలకమైన షరతు గడువు: సామాను చేతికొచ్చిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బావగారు జెడ్డాలో పని ముగించుకుని, చిత్తూరు వచ్చి, పన్నెండో రోజున ఈమెయిల్ రాశారు. గడువు దాటిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

చేయాల్సిందేమిటంటే, బెల్టు మీద నుంచి తీయగానే నాలుగు చక్రాలు, మూలలు, జిప్పు చూసుకోవాలి. దెబ్బ కనిపిస్తే ఆ హాలు దాటకముందే సామాను ఫిర్యాదుల కౌంటరుకు వెళ్లి నమోదు చేయించి, నంబరున్న కాగితం తీసుకోవాలి. సామాను ట్యాగు, బోర్డింగ్ పాసు పారేయకూడదు. ఇంట్లో బయలుదేరే ముందు పెట్టె నాలుగు వైపులా తీసిన ఫొటోలు ఫోనులో ఉంటే, అది పాత పగులు అనే మాటకు తావుండదు.

ఆయనకు ఏది కొన్నాం

పన్నెండు వేల లోపు అన్నారు. మూడు మిగిలాయి. పదకొండు వేల పాలీకార్బొనేట్ పెట్టె, 75 సెంటీమీటర్లు, అందమైనది. తిరగేస్తే చక్రాలకు రివెట్లు. ఆరువేల గుడ్డ పెట్టె, రెండు చక్రాలు, బలమైన నైలాన్. ఎనిమిది డబ్బాలు వేసి వంచి లాగితే ఆయన కుడిభుజం వద్దంది. ఎనిమిదిన్నర వేల పాలీప్రొపిలీన్ పెట్టె, 68 సెంటీమీటర్లు, బూడిదరంగు, జంట చక్రాలు, లోపల మూలల్లో చిన్న జిప్పులు, స్క్రూల కింద మందపు పట్టీ, పెట్టెకు బిగించిన తాళం, మూడేళ్ల వారంటీ. ఖాళీ బరువు 3.7 కిలోలు. "మరీ కూరగాయల బుట్టలా ఉంది కదయ్యా" అన్నారు బావగారు. ఆయన రోటర్‌డామ్ ప్రయాణాలు మే, సెప్టెంబరు నెలల్లో కాబట్టి చలి సమస్య లేదు. అదే తీసుకున్నాం.

డబ్బాలు సర్దే పద్ధతి కూడా మార్చాం. ఇదివరకు ఆయన వాటిని మూతవైపు పెంకులో, పైన పేర్చేవారు. పెట్టె పడితే రేకు అంచు లోపలి నుంచి పెంకును గుద్దేది. నిలబెడితే పైబరువుతో ఒరిగిపోయేది. ఇప్పుడు హ్యాండిలు గొట్టాలున్న అడుగు పెంకులో, చక్రాలవైపు చివరన, ఒక్కో డబ్బాకు ఒక లుంగీయో తువ్వాలో చుట్టి పెడుతున్నారు. నిలబెట్టినప్పుడు బరువు నేరుగా చక్రాల మీద దిగుతుంది, పెట్టె ఒరగదు.

నాలుగో ప్రయాణంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగినప్పుడు, ఒక జంట చక్రంలో సగం లేదు. గూడు, పెంకు చెక్కుచెదరలేదు. బావగారు ఈసారి అక్కడే కౌంటరులో రాయించి, కాగితం ఫొటో నాకు పంపి, ఏడు చక్రాలతోనే రోటర్‌డామ్ పని చూసుకుని వచ్చారు. పరిహారం లెక్క తేలడానికి ఆరు వారాలు పట్టింది. చక్రం మాత్రం అంతకుముందే కొరియర్‌లో చిత్తూరు చేరింది, ధర నాలుగు వందల యాభై. లోపలి జిప్పు తీసి, స్టార్ స్క్రూడ్రైవర్‌తో నాలుగు స్క్రూలు విప్పి మార్చడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు మంచం కిందికి దొర్లిపోయిన స్క్రూ వెతకడానికే.